ఐదేళ్ల తర్వాత ఆ మిషన్ ఎంతకు పోతుంది?

బాలానగర్‌లో ఆ షెడ్డులోకి అడుగుపెట్టగానే ముందు కూలెంట్ వాసన పలకరిస్తుంది, ఆ తర్వాతే మనుషులు. నాలుగు పాత లేత్‌లు, ఒక మిల్లింగ్ మిషన్, మూలన ఇనుప రజను బస్తాలు. అన్నదమ్ములిద్దరూ భాగస్వాములు. పెద్ద కంపెనీలకు జాబ్ వర్క్ చేస్తారు. ఆ రోజు బల్ల మీద రెండు కాగితాలు పెట్టి, ఫ్యాను గాలికి ఎగరకుండా పైన ఒక స్టీలు ఫ్లాంజ్ ఉంచారు. ఒకటి కొత్త వీఎంసీ, అంటే కంప్యూటర్ చెప్పినట్టు నిలువుగా కోసే మిషన్, దాని కొటేషన్. రెండోది అదే మిషన్‌ను ఐదేళ్లకు లీజుకిస్తామన్న ఒక ఫైనాన్స్ సంస్థ ఆఫరు.

జీఎస్టీ కాకుండా మిషన్ ధర 40 లక్షలు. లీజు అద్దె నెలకు 70 వేలు, ఏ నెలది ఆ నెల మొదట్లోనే కట్టాలి. ఐదేళ్లయ్యాక మిషన్ వాళ్లు తీసుకెళ్లిపోతారు. (అంకెలను నేను గుండ్రంగా సవరించాను, లెక్క సాగిన తీరు మాత్రం అదే.)

"అరవై నెలలు డెబ్భై వేల లెక్కన నలభై రెండు లక్షలు కట్టి, చివరికి ఉత్త చేతులా? నలభైకి కొంటే మిషన్ మనదే కదా సార్" అన్నాడు అన్న.

"అన్నా, నలభై లక్షలు మన దగ్గర ఎక్కడున్నాయి? బ్యాంకులో తెస్తే నెలకు ఎనభై ఎనిమిది వేలు ఈఎంఐ. లీజయితే డెబ్భయ్యే. నెలకు పద్దెనిమిది వేలు మిగలట్లేదా?" అన్నాడు తమ్ముడు.

ఇద్దరి అంకెలూ తప్పు కావు. బ్యాంకు వడ్డీ 11.6 శాతమైతే 40 లక్షల అప్పుకు ఐదేళ్ల ఈఎంఐ 88,170 రూపాయలే. అన్న లెక్కలో కొనడం రెండు లక్షలు చవక, తమ్ముడి లెక్కలో లీజు నెలకు పద్దెనిమిది వేలు చవక. మిషన్ ఒకటే, జవాబులు రెండు, అదీ ఎదురెదురుగా. అన్న ఈ రోజు ఇచ్చే రూపాయినీ ఐదేళ్ల తర్వాత ఇచ్చే రూపాయినీ ఒకే గాటన కట్టేశాడు. తమ్ముడేమో ఈఎంఐ అయిపోయాక షెడ్డులో మిగిలే మిషన్ సంగతి మరిచాడు. పైగా ఆదాయపు పన్ను ఊసు ఇద్దరూ ఎత్తలేదు. చిన్న పరిశ్రమల ఖాతాలు చూసే నాకు ఈ మూడు పొరపాట్లూ కలిసే కనిపిస్తాయి, అందుకే ఆ మధ్యాహ్నం ఆ బల్ల దగ్గర వేసిన లెక్కను మొదటి నుంచి చివరిదాకా ఇక్కడ పెడుతున్నాను.

ముందు కాలం సంగతి. ఏడాది తర్వాత నేను ఎవరికైనా లక్ష రూపాయలు ఇవ్వాల్సి ఉంటే, దానికోసం ఇవాళ లక్షా పక్కన పెట్టక్కర్లేదు. డబ్బు ఏడాదికి 8 శాతం పెరిగే చోట 92,593 రూపాయలు వేస్తే చాలు, గడువు నాటికి లక్ష అవుతుంది. ఐదేళ్ల తర్వాత ఇవ్వాల్సిన లక్షకైతే ఇవాళ 68,058 రూపాయలు చాలు. ఇలా ముందెప్పుడో కట్టాల్సిన, లేదా రావలసిన, మొత్తాన్ని ఈ రోటి దగ్గరికి తెచ్చి తూచడాన్నే నేటి విలువ అంటారు. వేర్వేరు తేదీల్లో చేతులు మారే రూపాయలను పోల్చాలంటే అన్నింటినీ ఒకే తేదీకి తేవాలి, అంతకు మించిన మర్మం ఇందులో లేదు.

మరి ఆ 8 శాతం ఎక్కడిది? చాలామంది ఇక్కడే తడబడతారు. లీజు తీసుకోవడమంటే వేరే రూపంలో అప్పు చేయడమే. నెలనెలా తప్పనిసరిగా కట్టాల్సిన బాకీ అది, రేపు బ్యాంకుకు వెళ్తే మేనేజరు దాన్ని అప్పుల వరుసలోనే రాసుకుంటాడు. కాబట్టి లీజును పోల్చాల్సింది చేతిలో ఉన్న నగదుతో కాదు, అదే మిషన్‌కు దొరికే బ్యాంకు అప్పుతో. ఆ అప్పు ఖరీదు 11.6 శాతం. అయితే వ్యాపారి కట్టే వడ్డీ ఖర్చు కింద రాస్తారు, దానివల్ల లాభం తగ్గి పన్ను తగ్గుతుంది. భాగస్వామ్య సంస్థకు పన్ను 30 శాతం, దాని మీద 4 శాతం సెస్ కలిపితే 31.2 శాతం. అంటే వందకు 11 రూపాయల 60 పైసలు వడ్డీ కడితే అందులో 3 రూపాయల 62 పైసలు పన్నులో తగ్గుతాయి. నికరంగా భారం 7 రూపాయల 98 పైసలు. ఆ ఎనిమిదే ఈ ఎనిమిది.

అన్న వెంటనే అడిగాడు, "మరి కొనేదాంట్లో వడ్డీ వేరే రాయాలి కదా సార్?"

వద్దు. వడ్డీ అప్పటికే ఆ 8 శాతంలో కూర్చుని ఉంది. పన్ను ఆదా పోగా నికరంగా కట్టే ఈఎంఐలన్నింటినీ 8 శాతంతో నేటి విలువకు తెస్తే మళ్లీ ఆ 40 లక్షలే వస్తాయి. అందుకని కొనడం వైపు సూటిగా 40 లక్షలు అని రాస్తే సరిపోతుంది. ఈఎంఐలు రాసి, వడ్డీ మీద పన్ను ఆదా రాసి, మళ్లీ మిషన్ ధరా రాస్తే ఒకే ఖర్చును రెండుసార్లు మోసినట్టు అవుతుంది. లీజే గొప్పదని చూపించే కరపత్రాల్లో ఈ తప్పు నేను చాలాసార్లు చూశాను.

ఇక లీజు వైపు లెక్క తేలిక. అరవై నెలల అద్దెను నేటి విలువకు తేవడానికి ఎక్సెల్‌లో ఒక్క గడి చాలు.

```
=PV(1.08^(1/12)-1, 60, -70000, 0, 1)
```

చివర ఉన్న 1కి అర్థం అద్దె నెల మొదట్లోనే కడుతున్నామని. జవాబు దాదాపు 34.97 లక్షలు. ఇప్పుడు పన్ను. ఏడాదికి కట్టే అద్దె 8.4 లక్షలు, అది మొత్తం ఖర్చే. దాని మీద 31.2 శాతం, అంటే 2.62 లక్షలు, ఏటా పన్నులో తగ్గుతుంది. ఈ ఆదా ఏడాది చివర చేతికొస్తుందనుకుని ఐదేళ్లదీ నేటి విలువకు తెస్తే 10.46 లక్షలు. 34.97లోంచి 10.46 తీసేస్తే మిగిలేది 24.51 లక్షలు. పన్ను పోగా, కాలం పోగా, ఆ మిషన్‌ను ఐదేళ్లు లీజులో వాడుకోవడానికి అయ్యే అసలు ఖరీదు ఇది. అన్న చెప్పిన నలభై రెండు లక్షలు ఎక్కడ, ఇది ఎక్కడ!

కొనడం వైపు కాస్త నెమ్మదిగా నడవాలి. కొన్నవాడు 40 లక్షలనూ మొదటి ఏడాదే ఖర్చు కింద రాసుకోలేడు. మామూలు యంత్రాలకు ఆదాయపు పన్ను చట్టం ఏటా 15 శాతం తరుగుదల ఇస్తుంది, అదీ మొదటి ధర మీద కాదు, మిగిలిన విలువ మీద. మొదటి ఏడాది 6 లక్షలు. మిగిలిన 34 లక్షల మీద రెండో ఏడాది 5.1 లక్షలు. అలా తగ్గుతూ ఐదో ఏడాదికి 3.13 లక్షలు. తరుగుదలకు చేతిలోంచి పైసా కదలదు, అయినా లాభాన్ని తగ్గించి పన్నును తగ్గిస్తుంది. అందుకే ఆడిటర్లు దీన్ని టాక్స్ షీల్డ్ అంటారు. మొదటి ఏడాది 6 లక్షల తరుగుదల వల్ల 1.87 లక్షల పన్ను మిగులుతుంది, ఐదో ఏడాదికి అది 98 వేలకు దిగుతుంది. ఐదేళ్ల ఆదానూ నేటి విలువకు తెస్తే 5.68 లక్షలు.

ఇక్కడ తమ్ముడి కళ్లు మెరిశాయి. "చూశావా అన్నా, లీజులో పది లక్షల పైన పన్ను మిగులుతోంది, కొంటే ఐదున్నరే!"

లీజు అమ్మేవాళ్లు నొక్కి చెప్పే మాట కూడా ఇదే, "అద్దె మొత్తం ఖర్చే" అని. మాట నిజమే గాని అందులో సగమే ఉంది. అద్దె మీద పన్ను ఎక్కువ మిగిలింది, అద్దె కింద చేతిలోంచి ఎక్కువ పోయింది కాబట్టి. వంద ఖర్చుపెడితే 31 మిగిలిందని ఖర్చును పొగడలేం కదా, మిగతా 69 పోయినట్టే. పన్ను ఆదాను విడిగా చూసి ఏదీ తేల్చకూడదు. అది ఏ ఖర్చుకు తోకగా వచ్చిందో ఆ ఖర్చు పక్కనే ఉంచి చూడాలి.

తరుగుదల ఎవరి సొత్తన్నదీ ఇక్కడే చెప్పాలి. లీజులో మిషన్ వాడేది మనమైనా యజమాని లీజు సంస్థే, కాబట్టి తరుగుదల వాళ్లది. లారీలు కొని లీజుకిచ్చిన ఐసీడీఎస్ అనే కంపెనీ కేసులో 2013లో సుప్రీంకోర్టు ఈ మాటే ఖరారు చేసింది. లారీ నడిపేది వేరొకరైనా, ఆర్టీఏ కాగితాల్లో వాళ్ల పేరే ఉన్నా, యాజమాన్యం లీజు సంస్థదే, తరుగుదలా దానిదే అంది. మన దేశంలో 1990ల్లో లీజు వ్యాపారం ఒక్కసారిగా ఉబ్బడానికి కారణం కూడా ఈ తరుగుదలే. అప్పట్లో గ్యాస్ సిలిండర్ల వంటి కొన్నింటికి నూటికి నూరు శాతం తరుగుదల ఉండేది. లాభాలు దండిగా ఉన్న కంపెనీలు వాటిని కాగితం మీద కొని, లీజుకిచ్చి, పన్ను తగ్గించుకున్నాయి. కొన్నిచోట్ల సరుకే లేదని తేలి ఏళ్ల తరబడి కోర్టులకెక్కాయి. మన అన్నదమ్ములకు ఆ చరిత్రతో పని లేదు. వాళ్లు తెలుసుకోవాల్సిందల్లా, లీజు తీసుకుంటే తరుగుదల ఆదాను అవతలివాడికి ఇచ్చేస్తున్నామని, అద్దెలో దానికి తగ్గ తగ్గింపు అడిగే హక్కు తమకుందని.

ఇప్పుడు చివరి ముక్క, నా దృష్టిలో అన్నిటికంటే పెద్దది. కొన్న మిషన్ ఐదేళ్ల తర్వాత కూడా షెడ్డులోనే ఉంటుంది, దానికో ధర ఉంటుంది. మిగులు విలువ అంటారు దీన్ని. అన్నను అడిగితే "ఒక పద్నాలుగు రావచ్చు సార్" అన్నాడు. సరే, 14 లక్షలే అనుకుందాం. ఐదేళ్ల తర్వాతి 14 లక్షలు నేటి విలువలో 9.53 లక్షలు.

అప్పటికి పుస్తకంలో మిషన్ విలువ 17.75 లక్షలుంటుంది. 14కి అమ్మితే 3.75 లక్షలు తక్కువ వచ్చినట్టే. ఆ నష్టాన్ని అదే ఏడాది మొత్తంగా ఖర్చు రాయచ్చని చాలామంది అనుకుంటారు, అది పొరపాటు. మన చట్టం ఒకే రేటున్న యంత్రాలన్నింటినీ ఒక కుప్పగా చూస్తుంది, బ్లాక్ అంటారు. అమ్మిన ధరను ఆ కుప్పలోంచి తీసేస్తారు. మిగిలిన 3.75 లక్షలు లేత్‌లతో పాటు కుప్పలోనే ఉండి ఏటా 15 శాతం చొప్పున మెల్లగా కరుగుతాయి. ఆ కరుగుదల మీద మిగిలే పన్నును ఇవాళ్టి లెక్కకు తెస్తే 52 వేలు. అదే ఆ షాపులో ఉన్నది ఆ ఒక్క మిషనే అయితే కుప్ప ఖాళీ అయిపోతుంది, నష్టం మూలధన నష్టంగా మారుతుంది. దాన్ని మూలధన లాభాల్లోంచి తప్ప జాబ్ వర్క్ ఆదాయంలోంచి తీసేయడం కుదరదు. ఒంటి మిషన్ షాపుకు ఆ 52 వేలు కాగితం మీదే మిగిలిపోవచ్చు.

ఇక కూడికలు. 40 లక్షల్లోంచి తరుగుదల ఆదా 5.68, అమ్మితే వచ్చేది 9.53, కుప్పలో మిగిలినదాని ఆదా 0.52 తీసేస్తే 24.27 లక్షలు. లీజు ఖరీదు 24.51. తేడా 24 వేలు, అదీ ఐదేళ్లకు!

అన్నదమ్ములిద్దరూ నా మొహం చూశారు. ఇంత చేసి సమానమని తేల్చడమేమిటన్నట్టు. నాకు మాత్రం ఆ జవాబు నచ్చింది. ఎందుకంటే ఈ లెక్కలో మిగతా అంకెలన్నీ కాగితం మీద ఉన్నాయి. ధర కొటేషన్‌లో ఉంది, అద్దె ఆఫరులో ఉంది, వడ్డీ బ్యాంకు చెప్పింది, తరుగుదల రేటు చట్టంలో ఉంది. అన్న నోటి లెక్క మీద నిలబడ్డది ఆ 14 లక్షలొక్కటే. అది కదిలితే ఏమవుతుందో చూద్దాం. అమ్మితే 10 లక్షలే వచ్చాయనుకోండి, కొనడం ఖరీదు 26.44 లక్షలకు పెరుగుతుంది, లీజు దాదాపు 1.9 లక్షలు చవక. 18 లక్షలు వస్తే కొనడం 22.1 లక్షలకు దిగుతుంది, అప్పుడు కొనడమే 2.4 లక్షలు చవక. అమ్మకపు ధరలో ప్రతి లక్ష తేడాకూ నేటి లెక్కలో 54 వేలు కదులుతోంది. అలా వెనక్కి లెక్కిస్తే రెండూ సరిసమానమయ్యే చోటు 13.5 లక్షల దగ్గర తేలింది.

పాఠ్యపుస్తకాలు ఇక్కడ వేరే దారి చెబుతాయి. అమ్మకపు ధర అనిశ్చితం కాబట్టి దాన్ని 8 శాతంతో కాక ఎక్కువ రేటుతో తగ్గించమంటాయి. 14 శాతం వేస్తే ఆ 9.53 లక్షలు కాస్తా 7.27 అవుతాయి, లీజు గెలిచేస్తుంది. సిద్ధాంతంగా అది సబబే. కానీ ఆ 14 ఎందుకు, 12 ఎందుకు కాదు అని అడిగితే షాపు యజమానికి నేను చెప్పగల జవాబు లేదు. అతనికి రేట్ల గురించి తెలియదు, మిషన్ల గురించి నాకంటే వందరెట్లు తెలుసు. కాబట్టి అతను జవాబు చెప్పగల ప్రశ్ననే అడగాలి. ఐదేళ్లు వాడిన ఈ మిషన్ పదమూడున్నర లక్షలకు పైన పోతుందా, కింద పోతుందా?

ఈ ప్రశ్న వినగానే వాళ్లిద్దరి మాట తీరే మారిపోయింది. తమ్ముడు ఫోన్ తీసి పాత మిషన్లు కొని అమ్మే ఒక డీలరును పిలిచాడు. అరగంట మాట్లాడారు, నేను పక్కన కూర్చుని విన్నాను. డీలరు మొదట అడిగింది కంట్రోలరు ఏదని. ఫానుక్, సీమెన్స్ వంటి అందరికీ అలవాటైన కంట్రోలరయితే ఆపరేటరు దొరుకుతాడు, స్పేరు దొరుకుతుంది, కొనేవాడూ దొరుకుతాడు. తర్వాత స్పిండిల్ ఎన్ని గంటలు తిరుగుతుందని అడిగాడు. ఒక షిఫ్టులో నడిచే మిషన్‌కూ మూడు షిఫ్టులు నడిచే మిషన్‌కూ వయసు ఒకటే కావచ్చు, ధర ఒకటి కాదు. కొనడానికి వచ్చినవాడు డయల్ గేజి పెట్టి స్పిండిల్ ఎంత ఊగుతోందో చూస్తాడు, బల్లను అటూ ఇటూ జరిపించి బాల్ స్క్రూలో ఎంత వదులుందో పట్టేస్తాడు. కూలెంట్ సమయానికి మార్చకపోతే కవర్ల కింద పట్టే తుప్పును బట్టి యజమాని ఎలాంటివాడో చెప్పేస్తాడు. బాగా అరిగే కాస్ట్ ఐరన్ పనికి వాడిందా, అల్యూమినియం పనికా అనీ అడుగుతాడు.

ఒక షిఫ్టు పని, తెలిసిన కంట్రోలరు, సర్వీసు రికార్డు ఉంటే పదమూడు నుంచి పదిహేను దాకా వస్తుందన్నాడు డీలరు. రెండు షిఫ్టులు నడిపితే పదకొండు పన్నెండు దగ్గర ఆగుతుందన్నాడు. అన్నదమ్ముల చేతిలో ఉన్న ఆర్డర్లు ఒక షిఫ్టుకు సరిపోతాయి. పెద్ద ఆర్డరొకటి మాటల్లో ఉంది. అది వస్తే రెండో షిఫ్టు తప్పదు.

అప్పుడు లీజు ఒప్పందం నమూనా కాగితాలు తిరగేశాం. కొటేషన్ అందంగా ఒక పేజీలో ఉంటుంది, ఖర్చు మాత్రం ఒప్పందం లోపలి పేజీల్లో దాక్కుంటుంది. మూడు నెలల అద్దె, అంటే 2.1 లక్షలు, డిపాజిట్‌గా ముందే ఇవ్వాలట, ఐదేళ్ల తర్వాత వడ్డీ లేకుండా తిరిగి ఇస్తారట. తిరిగొచ్చేదే కదా అని దీన్ని ఎవరూ లెక్కలో రాయరు. కానీ ఐదేళ్ల తర్వాతి 2.1 లక్షల నేటి విలువ 1.43 లక్షలే. మిగతా 67 వేలు లీజు ఖరీదులో కలపాలి. ఆ ఒక్క వాక్యంతో లీజు ఖరీదు 25.18 లక్షలకు చేరింది, సమాన బిందువు పదమూడున్నర నుంచి 12.3 లక్షలకు దిగింది. అంటే మిషన్ పన్నెండుంబావు పైన అమ్ముడైతే చాలు, కొనడమే చవక.

ఇంకో పేజీలో, గడువుకు తొంభై రోజుల ముందు రాతపూర్వకంగా తెలియజేయకపోతే లీజు దానంతటదే ఏడాది పొడిగింపు అవుతుందని ఉంది. ఈ వాక్యానికి నా అనుభవంలో ఒక క్లయింటు మూల్యం కట్టాడు. ప్రింటింగ్ పని చేసే మనిషి, తేదీ మరిచాడు, మూలన పడి ఉన్న మిషన్‌కు మరో పన్నెండు నెలలు అద్దె కట్టాడు. తప్పు నాది కూడా, ఆ తేదీని నా క్యాలెండరులో రాసుకోలేదు. అప్పటి నుంచి లీజు కాగితం చేతికి వస్తే ముందు చివరి పేజీల నుంచే చదువుతాను. మిషన్ విప్పి, లారీకెక్కించి, వాళ్ల గోడౌనుకు చేర్చే ఖర్చు ఎవరిది? 'మామూలు అరుగుదల' అంటే ఎంతవరకు, దాన్ని తేల్చేదెవరు? మధ్యలో ఆర్డర్లు ఆగిపోతే మిగిలిన అద్దె మొత్తం కట్టాలా? ఐదేళ్ల చివర నామమాత్రపు ధరకు మిషన్ మనకే ఇస్తామని రాసి ఉంటే అది పేరుకే లీజు, నిజానికి వాయిదాల కొనుగోలు. అప్పుడు అద్దె మొత్తాన్నీ ఖర్చు రాయడం కుదరకపోవచ్చు, తరుగుదల మనవైపు రావచ్చు. మనం వేసిన పన్ను లెక్కంతా తిరిగి వేయాలి.

పన్ను వైపు కూడా తల తిప్పే సంగతులు మూడున్నాయి. మొదటిది కొన్న తేదీ. ఆర్థిక సంవత్సరంలో మిషన్ 180 రోజులు వాడుకలో లేకపోతే, అంటే అక్టోబరు తొలి రోజులు దాటాక మొదలైతే, ఆ ఏడాది తరుగుదల సగమే. పోయిన సగం ఎక్కడికీ పోదు, తర్వాతి ఏళ్లకు జరుగుతుంది. కాబట్టి ఆ కారణంగా కంగారుపడి మిషన్ దించుకోనక్కర్లేదు.

రెండోది అన్నదమ్ములకు కలిసొచ్చేది. వస్తువు తయారుచేసేవాడు సరికొత్త యంత్రం కొంటే మామూలు 15 శాతంతో పాటు మొదటి ఏడాది ఇంకో 20 శాతం అదనపు తరుగుదల ఉంటుంది. లీజుకు తీసుకున్నవాడికి అది రాదు. ఈ మిషన్ మీద అది 8 లక్షలు. అయితే తర్వాతి ఏళ్ల తరుగుదల ఆ మేరకు తగ్గిపోతుంది కాబట్టి నేటి విలువలో నికర లాభం 80 వేలే. జాబ్ వర్కును తయారీ అనవచ్చా అన్న చోట పన్ను అధికారితో వాదన రావచ్చు. వీళ్లు ఫోర్జింగ్‌ను కోసి కొత్త భాగంగా మారుస్తారు కాబట్టి నిలబడుతుందని నా నమ్మకం. కానీ నేను దాన్ని తీర్పు మార్చే అంకెగా వాడలేదు, పక్కన పెట్టి చూశాను. సొంత పేరు మీద వ్యాపారం చేస్తూ కొత్త పన్ను పద్ధతిలో ఉన్న వ్యక్తికి ఈ అదనం లేదు.

మూడోది చిన్న షాపులకు ముఖ్యం. టర్నోవరు తక్కువగా ఉండి, ఖాతాలు లేకుండా అమ్మకాల్లో 6 లేదా 8 శాతాన్ని లాభంగా చూపించే ప్రిజంప్టివ్ పద్ధతిలో పన్ను కట్టేవాళ్లకు అద్దె విడిగా ఖర్చు కాదు, తరుగుదల ఇచ్చేసినట్టే లెక్క. వాళ్లకు ఇటూ అటూ పన్ను ఆదా సున్నా. వడ్డీకి కూడా పన్నులో తగ్గింపు లేదు కాబట్టి లెక్క 8 శాతంతో కాదు, పూర్తి 11.6తో వేయాలి. "అద్దె మొత్తం ఖర్చే" అన్న మాట నమ్మి లీజు తీసుకున్న ఇలాంటి షాపులు నాకు తెలుసు. వాళ్లకు మిగిలిందేమీ లేదు.

జీఎస్టీని ఇప్పటిదాకా వదిలేశాను, ఎందుకంటే వీళ్లకు కొనుగోలు మీదా అద్దె మీదా కట్టిన జీఎస్టీ క్రెడిట్‌గా తిరిగొస్తుంది. కొన్నప్పుడు 18 శాతం, అంటే 7.2 లక్షలు, ఒక్కసారే కట్టాలి, అది తమ అమ్మకాల జీఎస్టీలో సర్దుబాటయ్యేదాకా కొన్ని నెలలు ఇరుక్కుంటుంది. అద్దె మీదైతే నెలనెలా కొంచెం కొంచెం. ఆస్పత్రి, స్కూలు వంటివాళ్ల సేవలకు జీఎస్టీ లేదు కాబట్టి క్రెడిటూ లేదు. వాళ్లు ఈ లెక్క వేస్తే మిషన్ ధరలోనూ అద్దెలోనూ జీఎస్టీ కలిపే మొదలుపెట్టాలి.

సాయంత్రానికి బల్ల మీద ఒకే కాగితం మిగిలింది, దాని మీద రెండే అంకెలు. డిపాజిట్ ఉంటే 12.3 లక్షలు, లేకపోతే 13.5. తమ్ముడు లీజు సంస్థకు ఫోన్ చేసి డిపాజిట్ తీసేస్తారా అని అడిగాడు. కుదరదన్నారు. అద్దె అరవై ఎనిమిదికి దించుతారా అంటే కనుక్కుని చెబుతామన్నారు, మళ్లీ పిలవలేదు. అన్న చాలాసేపు ఏమీ మాట్లాడకుండా బయటికెళ్లి లేత్ దగ్గర నిలబడ్డాడు. తిరిగొచ్చి, "రెండో షిఫ్టు వచ్చిందనుకో, ఒకటో రెండో లక్షలు తక్కువకు పోతుంది. కానీ రెండో షిఫ్టు వచ్చిందంటే పని వచ్చినట్టే కదరా, ఆ తేడా అదే మోస్తుంది" అన్నాడు. రెండు షిఫ్టులు నడిస్తే వచ్చే పదకొండు పన్నెండు లక్షలు మా గీతకు కిందే పడతాయి, పెద్ద దూరంలో మాత్రం కాదు. ఆడిటరుగా నా కాగితంలో లేని మాట అది, కానీ వ్యాపారం తెలిసినవాడి మాట. మిషన్ చవకగా పోయే రోజు, మిషన్ ఎక్కువ సంపాదించిన రోజే అవుతుంది. ఇక అసలు పనే లేక మిషన్ ఖాళీగా ఉంటే? అప్పుడు లీజులోనూ అద్దె ఆగదు, ఒప్పందం మధ్యలో వదిలేసే వీలు లేదు. కొన్న మిషన్‌నైతే అమ్మి అప్పులో కొంతైనా తీర్చుకోవచ్చు.

బ్యాంకు అప్పుతో కొన్నారు. ఈ మధ్య అటువైపు వెళ్తే చూశాను. కొత్త మిషన్ పక్కన గోడకు మేకు కొట్టి ఒక నోట్‌బుక్ వేలాడదీశారు. ప్రతి శనివారం స్పిండిల్ గంటలు, కూలెంట్ మార్చిన తేదీ, సర్వీసుకు వచ్చినవాడి సంతకం. మొదటి పేజీ పైన అన్న చేతిరాతతో ఒకే అంకె ఉంది, 12.3.